ఓట్స్‌ నీళ్లతోనా పాలతోనా? లెక్క మారేది ఎక్కడో చూద్దాం

(స్క్రీన్ మీద: పక్కపక్కన రెండు గిన్నెలు. ఒకటి నీళ్లతో వండింది, ఇంకోటి పాలతో. పైన ఇంకా ఏమీ వేయలేదు.)

ఈ రెండు గిన్నెల్లో ఓట్స్ సరిగ్గా ఒకటే, 40 గ్రాములు. ఎడమ పక్కది నీళ్లతో వండింది, కుడి పక్కది ఫుల్ ఫ్యాట్ పాలతో వండింది. బరువు తగ్గాలనుకునేవాళ్లని ఏది తీసుకుంటారు అని అడిగితే దాదాపు అందరూ నీళ్లదే అంటారు, ఇప్పటికైతే అది కరెక్టే, కానీ టేబుల్ మీదకి వచ్చేసరికి గిన్నె ఇలా ఉండదు కదా, పైన ఏదో ఒకటి పడుతుంది, అసలు కథంతా అక్కడే మొదలవుతుంది.

ముందు పైన ఏమీ లేకుండా లెక్క చూసేద్దాం. 40 గ్రాముల పొడి ఓట్స్‌లో దగ్గర దగ్గర 150 క్యాలరీలు, 5 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. నీళ్లు ఎన్ని పోసినా ఈ నంబర్ మారదు, గిన్నె నిండినట్టు కనిపిస్తుంది అంతే. అదే 250 మిల్లీలీటర్ల ఫుల్ ఫ్యాట్ పాలు పోస్తే ఇంకో 155 క్యాలరీలు, 8 గ్రాముల ప్రోటీన్ కలుస్తాయి. అంటే నీళ్ల గిన్నె 150 క్యాలరీలు, 5 గ్రాముల ప్రోటీన్, పాల గిన్నె 305 క్యాలరీలు, 13 గ్రాముల ప్రోటీన్. క్యాలరీలు డబుల్ అయ్యాయి, నిజమే, కానీ ప్రోటీన్ డబుల్ దాటి ఇంకా పైకి వెళ్లింది.

(స్క్రీన్ మీద: నీళ్ల గిన్నె దగ్గరగా. స్పూన్‌తో కొంచెం ఎత్తి వదిలితే జిగురుగా, నీళ్లగా జారుతుంది.)

ఇప్పుడు ఈ నీళ్ల ఓట్స్ ఒక స్పూన్ నోట్లో పెట్టుకోండి. చప్పగా ఉంటుంది. తీపి లేదు, కొవ్వు లేదు, ఓట్స్ పిండిపదార్థం జిగురు మాత్రం నాలుకకి తెలుస్తుంది. పాలల్లో సహజంగానే లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది కాబట్టి పాల ఓట్స్ ఏమీ వేయకపోయినా కొంచెం తియ్యగా, కొవ్వు వల్ల నున్నగా తగులుతుంది. నీళ్ల ఓట్స్‌కి ఆ రెండూ లేవు, అందుకే దాన్ని తినగలిగేలా చేయడానికి చెయ్యి తీపి వైపే వెళ్తుంది. ఒక అరటిపండు ముక్కలు కోసి వేస్తాం, ఇంకా చాలట్లేదని ఒక టేబుల్ స్పూన్ తేనె, అందం కోసం ఒక గుప్పెడు కిస్‌మిస్. అన్నీ మంచివే కదా, పండు, తేనె, ఎండు ద్రాక్ష, ఎవరైనా తప్పు అంటారా?

(స్క్రీన్ మీద: ఒక్కొక్కటి వేస్తుంటే పక్కన నంబర్ పెరుగుతూ పోవాలి.)

కలుపుదాం. మీడియం సైజు అరటిపండు 105 క్యాలరీలు, ప్రోటీన్ ఒక గ్రాము. తేనె ఒక టేబుల్ స్పూన్ సుమారు 65 క్యాలరీలు, ప్రోటీన్ సున్నా అనుకోండి. కిస్‌మిస్ గుప్పెడు, అంటే 28 గ్రాముల దాకా, 85 క్యాలరీలు, ప్రోటీన్ ఇక్కడ కూడా ఒక గ్రాము లోపే. ఓట్స్ 150కి ఇవన్నీ కలిపితే 405 క్యాలరీలు, మొత్తం ప్రోటీన్ 7 గ్రాములు.

ఇటు పాల గిన్నె ఎలాగూ కొంచెం తియ్యగా ఉంది కాబట్టి దానికి సగం అరటిపండు సరిపోతుంది. 305కి ఒక 50 కలపండి, 355 క్యాలరీలు, ప్రోటీన్ 13 గ్రాముల పైనే. అంటే డైట్ అనుకుని తిన్న నీళ్ల గిన్నెలో 50 క్యాలరీలు ఎక్కువ, ప్రోటీన్ సగమే. నా అభిప్రాయం అడిగితే నీళ్లా పాలా అన్నది చిన్న ప్రశ్న, ఆ చప్పదనాన్ని దేనితో పూడుస్తున్నారు అన్నదే పెద్ద ప్రశ్న. నీళ్లతో వండి నిజంగానే సగం పండుతో, కొంచెం దాల్చినచెక్క పొడితో, చిటికెడు ఉప్పుతో తినేయగలిగితే అది 200 క్యాలరీల గిన్నె, తక్కువ తినాలి అనుకునేవాళ్లకి అదీ బాగానే ఉంటుంది, కానీ దాంట్లో ప్రోటీన్ 6 గ్రాముల లోపే ఉంటుంది కాబట్టి పక్కన గుడ్డో ఇంకేదో లేకపోతే తొందరగానే మళ్లీ ఆకలేస్తుంది.

స్కిమ్డ్ పాలు అయితే లెక్క ఇంకా బాగుంటుంది. కొవ్వు మాత్రమే తీసేస్తారు, ప్రోటీన్ అలాగే ఉంటుంది, అందుకే 250 మిల్లీలీటర్లకి సుమారు 85 క్యాలరీలే, ప్రోటీన్ మాత్రం అదే 8 గ్రాములు. ఓట్స్‌తో కలిపి 235 క్యాలరీలు, 13 గ్రాములు. పాలు పడనివాళ్లు సోయా పాలు వాడితే ప్రోటీన్ ఆవుపాలకి దగ్గరగానే వస్తుంది, తీపి కలపని ప్యాకెట్ చూసుకోండి. బాదం పాలు మాత్రం ప్రోటీన్ కోసం కొనకండి, కప్పుకి ఒక గ్రాము దగ్గరే ఉంటుంది, ఆ లెక్కలో అది నీళ్లకే దగ్గర.

(స్క్రీన్ మీద: పీనట్ బటర్ డబ్బా, టేబుల్ స్పూన్, చిన్న తూకం మెషిన్.)

ఇప్పుడు పీనట్ బటర్‌కి వద్దాం, ఎందుకంటే ప్రోటీన్ కోసం అని అందరూ వేసేది ఇదే. రెండు టేబుల్ స్పూన్లు అంటే 32 గ్రాములు, దాంట్లో 190 క్యాలరీలు, 7 గ్రాముల ప్రోటీన్. గ్లాసు ఫుల్ ఫ్యాట్ పాలు 155 క్యాలరీలకే 8 గ్రాములు ఇచ్చాయి కదా, దాని పక్కన పెట్టి చూడండి. పీనట్ బటర్‌లో ప్రోటీన్ ఉంది, కాదనట్లేదు, కానీ దాంట్లో క్యాలరీలు ఎక్కువగా కొవ్వు నుంచి వస్తాయి. నేను చూసే పద్ధతి ఏంటంటే, 100 క్యాలరీలకి ఎంత ప్రోటీన్ వస్తుంది అని. ఓట్స్‌కి 3 గ్రాముల పైచిలుకు, పీనట్ బటర్‌కి, బాదంకి, చియా గింజలకి కూడా మూడు మూడున్నర దగ్గరే, అంటే ఇవి ఎంత వేసినా గిన్నె మొత్తం పెద్దదవుతుంది తప్ప ఓట్స్ కంటే ప్రోటీన్ వాటా పెద్దగా పెరగదు. ఫుల్ ఫ్యాట్ పాలకి 5, స్కిమ్డ్ పాలకి 10 దాకా, కొవ్వు తీసిన గ్రీక్ యోగర్ట్‌కి 16, 17, వే ప్రోటీన్ పౌడర్‌కి 20 దగ్గర. అరటిపండుకి ఒకటి, తేనెకి ఏమీ లేదు.

అలాగని గింజలు వేయొద్దని కాదు, మంచి కొవ్వు, ఫైబర్, కరకరలాడే రుచి వాటితోనే వస్తాయి. ప్రోటీన్ పేరు చెప్పుకుని వేస్తే మాత్రం లెక్క తప్పుతుంది. ఇంకోటి, పీనట్ బటర్ స్పూన్ ఎప్పుడూ గుట్టగానే వస్తుంది, 16 గ్రాములు అనుకున్నది మెషిన్ మీద పెడితే 25, 30 చూపిస్తుంది, ఒకటే స్పూన్ వేశా అనుకుంటూ రెండు వేసేస్తాం. అందుకే డబ్బానే మెషిన్ మీద పెట్టి, సున్నా చేసి, స్పూన్‌తో తీయండి, మైనస్‌లో ఎంత చూపిస్తే అంత మీరు తీసినట్టు.

బరువు పెరగాలనుకునేవాళ్లకి, ఎక్కువ తినలేనివాళ్లకి ఇదే లెక్క తిరగేసి పనికొస్తుంది. ఫుల్ ఫ్యాట్ పాలతో వండిన ఓట్స్ 305, అరటిపండు 105, పీనట్ బటర్ రెండు స్పూన్లు 190, మొత్తం 600 క్యాలరీలు, 21 గ్రాముల ప్రోటీన్, అదీ ఒక్క గిన్నెలో. వాళ్లకి నీళ్లతో వండి పెడితే గిన్నె నిండి పొట్ట నిండుతుంది కానీ లోపలికి వెళ్లేది తక్కువే.

(స్క్రీన్ మీద: ఓట్స్ కొలిచే కప్పులు, రోల్డ్ ఓట్స్ ఒక పక్క, స్టీల్ కట్ ఓట్స్ ఇంకో పక్క.)

ఈ నంబర్లన్నీ తప్పిపోయే చోటు ఒకటుంది, కొలత. రోల్డ్ ఓట్స్ అరకప్పు అంటే సుమారు 40 గ్రాములు. అదే అరకప్పు స్టీల్ కట్ ఓట్స్ అంటే దగ్గర దగ్గర 80 గ్రాములు, ఎందుకంటే అవి గట్టి ముక్కలు, కప్పులో ఒత్తుగా సర్దుకుంటాయి, కాబట్టి కప్పు ఒకటే అయినా క్యాలరీలు రెట్టింపు. ఇంకొంతమంది వండిన తర్వాత తూచి, యాప్‌లో పొడి ఓట్స్ ఎంట్రీ కింద వేస్తారు, 300 గ్రాముల గంజి 300 గ్రాముల పొడి ఓట్స్ అయిపోయి వెయ్యి పైన చూపిస్తుంది, కంగారు పడతారు. ఎప్పుడైనా పొడిగా ఉన్నప్పుడే తూచండి, పాలు పోసేముందే కొలవండి. పొయ్యి మీద నీరు ఆవిరై చిక్కబడినా గిన్నె మొత్తం క్యాలరీలు మారవు, స్పూన్‌కి ఎంత అన్నదే మారుతుంది.

(స్క్రీన్ మీద: చిన్న గిన్నె, సన్న మంట.)

వండేటప్పుడు పాలు మొదటి నుంచే పోస్తే అడుగు పట్టడం, పొంగడం రెండూ జరుగుతాయి, పాల ప్రోటీన్ వేడి అడుగుకి అంటుకుని మాడుతుంది, ఆ మాడు వాసన గిన్నె మొత్తం పట్టేస్తుంది. నేను చేసేది ఇలా. ముందు 100 మిల్లీలీటర్ల నీళ్లు, చిటికెడు ఉప్పు మరిగించి, 40 గ్రాముల ఓట్స్ వేసి సన్న మంట మీద ఒకటి రెండు నిమిషాలు కలుపుతాను, నీళ్లు పీల్చుకుని గట్టిపడతాయి, అప్పుడు 250 మిల్లీలీటర్ల పాలు కొంచెం కొంచెంగా పోస్తూ ఇంకో నాలుగైదు నిమిషాలు అడుగు గీరుతూ కలుపుతాను. కాస్త జారుగా ఉండగానే దించేయాలి, రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే చిక్కబడుతుంది. సగం పాలు సగం నీళ్లు చేసుకున్నా బాగానే ఉంటుంది, 125 మిల్లీలీటర్ల పాలతో ఆ గిన్నె దాదాపు 230 క్యాలరీలు, 9 గ్రాముల ప్రోటీన్.

వే ప్రోటీన్ లేదా యోగర్ట్ వేసేవాళ్లు మాత్రం పొయ్యి మీద ఉండగా వేయకండి. వే పౌడర్ మరిగే గంజిలో పడితే రబ్బరులా ఉండలు కడుతుంది, ఎంత కలిపినా విడిపోదు. పోషకం పోదు కానీ తినబుద్ధి కాదు. దించాక రెండు మూడు నిమిషాలు ఆగి, పౌడర్‌ని విడిగా రెండు మూడు స్పూన్ల చల్లటి పాలలో పేస్ట్‌లా కలుపుకుని అప్పుడు వేయండి. యోగర్ట్ కూడా అంతే, వేడి మీద వేస్తే విరిగి నీళ్లు, గడ్డలు విడివిడిగా కనిపిస్తాయి, గిన్నె గోరువెచ్చగా అయ్యాక పైన పెట్టుకుంటే చాలు. 100 గ్రాముల కొవ్వు తీసిన గ్రీక్ యోగర్ట్ 60 క్యాలరీలే, 10 గ్రాముల ప్రోటీన్, కాబట్టి నీళ్లతో వండిన ఓట్స్ మీద అది, సగం అరటిపండు వేసుకుంటే 260 క్యాలరీలకి 15 గ్రాముల పైన ప్రోటీన్ వస్తుంది, పులుపు తీపి రెండూ ఉంటాయి కాబట్టి తేనె కూడా అడగదు.