నాన్నకి డయాలసిస్, మనకి ఆఫీసు: పనివేళలు మార్చమని అడిగే మెయిల్ ఎలా రాయాలి

[హోస్ట్ కెమెరా ముందు. వెనక మామూలు గది.]

నమస్తే. హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో చాలా ఏళ్లు టీమ్ లీడ్‌గా ఉన్నాను. ఇంట్లో పరిస్థితి బాగాలేక పనివేళలు మార్చమని అడిగే మెయిల్స్ నా దగ్గరికి చాలానే వచ్చాయి. వాటిలో ఎక్కువ శాతం ఒకేలా ఉండేవి. జబ్బు గురించి రెండు పేరాలు, ఆస్పత్రి రిపోర్టులు, చివర్లో "దయచేసి సహకరించగలరు" అని ఒక లైను. చదివితే మనసు చివుక్కుమనేది. కానీ ఏం చేయాలో మాత్రం తెలిసేది కాదు. ఎన్ని రోజులు, ఏ టైమ్, ఆ టైములో ఆ పని ఎవరు చూస్తారు, ఇవేవీ అందులో ఉండేవి కావు.

ఈరోజు ఒకే ఒక్క కేసు తీసుకుని, మెయిల్ మొదటి నుంచి చివరి దాకా రాద్దాం. ఈ కేసు నేను వీడియో కోసం అల్లినదే, కానీ ఇందులో ఉన్న చిక్కులన్నీ నిజంగా వచ్చేవే.

[స్క్రీన్ మీద: ఇల్లు మియాపూర్. ఆఫీసు గచ్చిబౌలి. పనివేళలు 9:30 నుంచి 6:30, సోమ–శుక్ర.]

ఒక అమ్మాయి అకౌంట్స్ టీమ్‌లో ఉంది. వెండర్ల బిల్లులు చూసి, పేమెంట్లకు పంపించడం ఆమె పని. వాళ్ల నాన్నకి కిడ్నీలు దెబ్బతిన్నాయి, డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఒంటరిగా తీసుకెళ్లలేదు. తమ్ముడు ఉన్నాడు గానీ నెలకు రెండు సెలవులకు మించి దొరకవు.

మెయిల్ కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, అది డయాలసిస్ సెంటర్‌లో. స్లాట్ ఇచ్చేటప్పుడు సోమ, బుధ, శుక్రవారాలా, మంగళ, గురు, శనివారాలా అని సాధారణంగా రెండు వరసలుంటాయి. మన అమ్మాయికి శనివారం సెలవు. కాబట్టి రెండో వరస అడిగింది, ఖాళీ వచ్చేదాకా మూడు వారాలు ఆగింది. ఆ మూడు వారాలూ తన సెలవులు వాడుకుంది. ఫలితం ఏమిటంటే, ఆఫీసుని అడగాల్సింది మూడు రోజుల గురించి కాదు, రెండు రోజుల గురించే. స్లాట్ ఖాయం కాకముందే మెయిల్ పెడితే, నెల తిరక్కుండా ఇంకో మెయిల్ పెట్టాల్సి వస్తుంది. రెండోసారి అడిగినప్పుడు మొదటిసారి ఉన్న నమ్మకం ఉండదు.

ఇక టైమ్. డయాలసిస్ అంటే నాలుగు గంటలు అని అందరూ అంటారు. మెషీన్ మీద ఉండేది నాలుగు గంటలు. కానీ లోపలికి వెళ్లగానే బరువు చూస్తారు, బీపీ చూస్తారు, రెండు సూదులు గుచ్చుతారు. అయ్యాక సూదులు తీసి, ఆ చోట దూదితో పది పదిహేను నిమిషాలు నొక్కి పట్టుకోవాలి, రక్తం ఆగేదాకా. మళ్లీ బరువు, మళ్లీ బీపీ. లేచి నిలబడితే కళ్లు తిరిగేవాళ్లుంటారు, కాసేపు కూర్చోబెట్టాలి. అంటే ఆరింటికి లోపలికి వెళ్తే బయటికి వచ్చేసరికి పదకొండు. ఇల్లు చేరేసరికి పదకొండున్నర. నాన్నకి అన్నం పెట్టి పడుకోబెట్టి, తనూ తిని, ల్యాప్‌టాప్ ముందు కూర్చునేది పన్నెండున్నరకి.

పదకొండుకే లాగిన్ అవుతానని రాస్తే మొదటి వారంలోనే మాట తప్పుతారు. ఆలస్యమయ్యే టైమే రాయండి. ఒక్కోరోజు ముందొస్తే అది ఆఫీసుకి లాభం.

[స్క్రీన్ మీద వారం పట్టిక ఒక్కో గడీ నిండుతూ ఉంటుంది.]

ఇప్పుడు గంటల లెక్క. రోజుకి తొమ్మిది గంటలు ఆఫీసులో, అందులో గంట భోజనం, పని ఎనిమిది గంటలు. వారానికి నలభై. మంగళ, గురువారాలు ఇంటి నుంచి పన్నెండున్నర నుంచి ఏడున్నర దాకా, భోజనం ముందే అయిపోతుంది కాబట్టి ఏడేసి గంటలు. అంటే రెండు రోజులకి కలిపి రెండు గంటలు తగ్గాయి. సోమ, బుధవారాలు తొమ్మిదిన్నరకి బదులు ఎనిమిదిన్నరకే ఆఫీసుకి వస్తే ఆ రెండూ పూడుతాయి. తొమ్మిది, ఏడు, తొమ్మిది, ఏడు, ఎనిమిది. నలభై సరిపోయింది.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. గంటలు సరిపోయాయి కదా, ఇంకేం కావాలి అని. కానీ నేను టీమ్ లీడ్‌గా చదివేటప్పుడు నా మనసులో తిరిగే ప్రశ్న నలభై గంటల గురించి కాదు. మంగళవారం, గురువారం పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా, ఆ మూడు గంటల్లో ఆమె కోసం ఎవరైనా వస్తే ఏం చెప్పాలి? మెయిల్ జవాబివ్వాల్సింది దీనికే.

అందుకే ఆమె ఏం చేసిందంటే, స్లాట్ కోసం ఆగిన మూడు వారాలకి ముందున్న నాలుగు వారాల మెయిల్‌బాక్స్ తెరిచింది. ఎనిమిది పొద్దుటి పూటలు. ఆ మూడు గంటల్లో తనకి వచ్చిన పనులు ఒక్కొక్కటీ ఎక్సెల్‌లో రాసుకుంది. ముప్పై ఒకటి తేలాయి. ఒక్కోదాని పక్కన ఒకే ప్రశ్న: ఇది మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఆగితే ఎవరికైనా నష్టమా? ఇరవై ఆరు ఆగగలవు. ఐదు ఆగలేవు. ఆ ఐదూ గురువారానివే. ఎందుకంటే గురువారం మధ్యాహ్నం రెండింటికి పేమెంట్ల లిస్టు పంపాలి, పొద్దున చివరి నిమిషంలో "ఈ బిల్లు ఆపండి" అని ఫోన్లు వస్తాయి.

చూడండి, "మూడు గంటలు ఉండను" అన్న పెద్ద భయం కాస్తా "గురువారం పొద్దున వచ్చే ఆపమన్న బిల్లులు" అన్న చిన్న పనిగా మారింది. దానికి మందు కనుక్కోవడం తేలిక. లిస్టు బుధవారం సాయంత్రానికే తయారు చేస్తుంది, ఆ రోజు ఎలాగూ గంట ఎక్కువ ఉంటుంది. గురువారం వచ్చే మార్పులు మాత్రం పక్క సీటు అమ్మాయి చూస్తుంది. బదులుగా ఆ అమ్మాయి శుక్రవారం చేసే వెండర్ స్టేట్‌మెంట్ల సరిచూత ఈమె చేస్తుంది. ఈ మాట మెయిల్‌లో రాసేముందు ఆ అమ్మాయిని అడిగి, సరే అనిపించుకోవాలి. అడక్కుండా పేరు రాస్తే మీ సమస్య ఇంకొకరి నెత్తిన పెట్టినట్టే.

[స్క్రీన్ మీద మెయిల్, మెల్లగా పైకి కదులుతూ.]

మీరు బహుశా ఇంగ్లీషులోనే పంపుతారు. కానీ ముందు తెలుగులో రాసుకుంటే ఏం అడుగుతున్నామో సూటిగా వస్తుంది. చదువుతున్నాను.

"సార్, సోమవారం మనం మాట్లాడుకున్న విషయం రాతపూర్వకంగా పంపుతున్నాను. మా నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. మంగళ, గురు, శనివారాలు ఉదయం స్లాట్ ఖాయమైంది. తోడు వెళ్లాల్సింది నేనే.

"మంగళ, గురువారాలు ఇంటి నుంచి 12:30 నుంచి 7:30 దాకా పని చేయడానికి, సోమ, బుధవారాలు ఆఫీసుకి 8:30కి రావడానికి అనుమతి కోరుతున్నాను. వారానికి 40 గంటలు అలాగే ఉంటాయి.

"నా సెలవులకి ముందు నాలుగు వారాల్లో ఆ ఉదయాల్లో నాకు వచ్చిన 31 పనుల్లో 26 మధ్యాహ్నానికి ఆగగలవి. మిగతా ఐదూ గురువారం పేమెంట్లకు సంబంధించినవి. ఆ లిస్టు బుధవారమే సిద్ధం చేస్తాను. గురువారం వచ్చే మార్పులు పక్క సీటు సహోద్యోగి చూడటానికి ఒప్పుకున్నారు, శుక్రవారం ఆమె సరిచూత పని నేను చేస్తాను.

"పాత నెల లెక్కలు ముగించే మొదటి మూడు పనిదినాల్లో మంగళ, గురువారాలు పడితే మా తమ్ముడు ఆస్పత్రికి వెళ్తాడు, నేను మామూలు వేళల్లో ఆఫీసులోనే ఉంటాను. ఆస్పత్రిలో ఉన్నప్పుడు అత్యవసరమైతే ఫోన్ ఎత్తుతాను, ల్యాప్‌టాప్ మీద పని చేయలేను.

"15వ తేదీ నుంచి ఎనిమిది వారాలు చూద్దాం. ఆరో వారంలో మీరు, నేను కూర్చుని, గురువారం లిస్టు ఎన్నిసార్లు రెండింటి లోపు వెళ్లింది, బిల్లులు ఎన్ని పెండింగ్ ఉన్నాయి అన్నవి చూసి, కొనసాగించాలా, మార్చాలా నిర్ణయిద్దాం."

[మళ్లీ హోస్ట్.]

జబ్బు గురించి ఒకటే లైను. క్రియాటినిన్ ఎంతుందో ఆఫీసుకి అక్కర్లేదు. అడిగితే డాక్టర్ ఇచ్చిన లెటర్ చూపించొచ్చు, అదీ హెచ్ఆర్‌కి.

"ల్యాప్‌టాప్ మీద పని చేయలేను" అన్న వాక్యం మీద కొంచెం ఆగుతాను. అక్కడే కూర్చుని చేస్తానని మాటిచ్చేవాళ్లను చాలామందిని చూశాను. వెయిటింగ్ హాల్లో, పది మంది మధ్య, వెండర్ల బ్యాంకు ఖాతాలు స్క్రీన్ మీద తెరవడం తప్పు. పైగా డయాలసిస్ మధ్యలో బీపీ పడిపోవడం, కాళ్లు పట్టేయడం మామూలు, సిస్టర్ ఏ క్షణమైనా పిలుస్తుంది. చేయలేనిది చేయలేనని రాస్తే, చేస్తానన్న మిగతా మాటలు నమ్ముతారు. నిబద్ధత కనిపించేది అక్కడే. "నేను చాలా కష్టపడే ఉద్యోగిని" అన్న వాక్యంలో కాదు.

నెల మొదటి మూడు పనిదినాల్లో మంగళ, గురువారాలు కలిపి రెండుకి మించి పడవు. తమ్ముడి రెండు సెలవులూ సరిగ్గా అందుకే. ఎనిమిది వారాలు కూడా ఊరికే పెట్టింది కాదు. నెల మధ్యలో మొదలుపెడితే రెండు నెల ముగింపులు అందులో పడతాయి, అకౌంట్స్‌లో అసలు పరీక్ష అదే.

చట్టం సంగతి ఒక్క మాటలో చెప్తాను. మన దేశంలో ప్రైవేటు ఉద్యోగికి ఇంట్లో పెద్దవాళ్ల కోసం పనివేళలు మార్చుకునే హక్కు చట్టంలో లేదు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో, ప్రసూతి సెలవు అయ్యాక ఇంటి నుంచి పని చేసే వీలు వచ్చింది, ఇప్పుడది సామాజిక భద్రత కోడ్‌లో ఉంది, అదీ పని స్వభావం అనుకూలిస్తే, ఇద్దరూ ఒప్పుకున్న షరతుల మీద. నాన్న విషయంలో అది వర్తించదు. మీ కంపెనీ పాలసీ, మీ మేనేజర్ ఒప్పుదల, అంతే. అందుకే ముందు పాలసీ చదవండి, ముందు మాట్లాడండి, తర్వాతే మెయిల్. నెలాఖరు వారంలో మాత్రం మాట్లాడకండి.

ఒక్కోసారి మేనేజర్ "రెండు రోజులు కుదరదు, ఒక్కరోజు చూద్దాం" అంటారు. ఏ రోజు వదులుకుంటారో ముందే తేల్చుకుని వెళ్లండి. మన అమ్మాయికి ఆఫీసు వైపు నుంచి బరువైన రోజు గురువారం. కాబట్టి మంగళవారం ఆమె ఉంచుకుంటుంది. గురువారాలకి నెలకి రెండుసార్లు తమ్ముడు, మిగిలినవాటికి పూటసెలవు. నెల ముగింపు గురువారం పడితే తమ్ముడి సెలవు ముందు దానికే. ఆ లెక్క జేబులో ఉంటే అక్కడికక్కడే జవాబివ్వగలదు.

[స్క్రీన్ మీద హాజరు పోర్టల్ బొమ్మ: మంగళవారం ఎదురుగా "సగం రోజు" అని ఎర్రగా.]

ఒప్పుకున్నాక జరిగే పొరపాటు ఇది. మేనేజర్ నోటితో సరే అంటారు. హాజరు సిస్టమ్‌కి మాత్రం ఆ సంగతి తెలియదు. మంగళవారం స్వైప్ లేదు కాబట్టి సగం రోజు పోయిందని వేస్తుంది, నెల చివర జీతంలో కోత కనబడుతుంది. అందుకే సరే అన్న రోజే మేనేజర్‌ని ఒక్క లైను జవాబు పెట్టమనండి, హెచ్ఆర్‌ని కాపీలో పెట్టి, కొత్త వేళలు సిస్టమ్‌లో షిఫ్ట్‌గా మార్చమని అడగండి. మొదటి మంగళవారం మర్నాడు పోర్టల్ తెరిచి చూసుకోండి. మేనేజర్ మారినా ఆ మెయిల్ ఉంటుంది.

సెంటర్‌లో స్లాట్ మారితే అదే రోజు చెప్పండి, ఆరో వారం దాకా ఆగకండి. ఆరో వారం మీటింగ్‌కి వెళ్లేటప్పుడు గురువారాల లిస్టు ఏ రోజు ఎన్ని గంటలకి వెళ్లిందో ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. ఆలస్యమైన గురువారం ఉంటే అదీ రాయండి, ఎందుకైందో పక్కనే.