బాత్రూమ్ తలుపుకు ఆఫ్‌సెట్ మడతబందులు: పెట్టె మీద 35, మా ఇంట్లో 18

నమస్కారం. తెరిచిన తలుపును దారి బయటికి జరిపే ఈ మడతబందులను కంపెనీవాళ్లు ఉచితంగా పంపారు. ఇది రాసినందుకు నేను డబ్బు తీసుకోలేదు. ఉక్కు రకం, ధర వంటి వాటి జోలికి వెళ్లను.

బెంగళూరు మారతహళ్లిలో మాది రెండు పడకగదుల ఫ్లాట్. నాన్నగారి చక్రాల కుర్చీ ఒక చక్రం రింగు అంచు నుంచి రెండో దాని అంచు వరకు 640 మిల్లీమీటర్లు. బాత్రూమ్ గుమ్మం 690. పట్టాలి కదా? తలుపు తెరిచి కొలిస్తే 672 ఉంది. అంటే చేతికి అటు 16, ఇటు 16. రింగు పట్టుకుని తోసినప్పుడల్లా ఆయన కుడిచేతి కణుపులు తలుపు అంచుకు రాసుకుని తోలు లేచేవి. ప్రభుత్వ సుగమ్యత మార్గదర్శకాలు 900 ఉండాలంటాయి. అద్దె ఇంట్లో గోడ పగలగొట్టలేం.

మామూలు బందుతో తలుపు తెరిస్తే దాని మందం దారిలోనే నిలబడుతుంది. ఈ బందు తలుపును పక్కకు, దారి బయటికి తీసుకుపోతుంది. పెట్టె మీద 35 మిల్లీమీటర్లు కలిసి వస్తాయని రాశారు. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. మా తలుపు మందమే 30. అందులో 12 చౌకట్టు గాడిలో ముందే దాక్కుని ఉంది, దారిలోకి వచ్చేది 18 మాత్రమే. కాబట్టి కలిసొచ్చేదీ 18 మాత్రమే. కొనేముందు తలుపును 90 డిగ్రీలు తెరిచి, దాని ముఖం నుంచి ఎదుటి చౌకట్టు అంచుకు టేపు పెట్టండి. ఆ కొలతకూ, తలుపు లేనప్పటి కొలతకూ ఉన్న తేడాయే మీకు దక్కేది. బందు వైపు గోడ చౌకట్టును ఆనుకుని ఉంటే తలుపు పక్కకు వెళ్లే చోటే ఉండదు, అసలు కొనకండి.

ఇంకో సంగతి. తలుపు బరువు పక్కకు జరగడంతో మరలపై లాగుడు పెరుగుతుంది. మొదట రెండు బందులే వేయించాను. పది రోజులకు టైలు మీద విల్లులా గీత పడింది, తలుపు వాలిందనడానికి అదే గుర్తు. వడ్రంగి పాత రంధ్రాలను చెక్క మేకులతో పూడ్చి, మూడో బందు వేశాక సర్దుకుంది.

కుర్చీ తిరగడానికి 1500 మిల్లీమీటర్ల వలయం కావాలి. నాలుగడుగుల బాత్రూములో అది అసాధ్యం. అందుకే గుమ్మం ముందు సుద్దతో ఆ వలయం గీసి, అందులోకి వచ్చిన బీరువాను జరిపాం. ఆయన బయటే తిరిగి, నేరుగా లోపలికి వెళ్లి, వెనక్కి వస్తారు. తువ్వాలు కొక్కేన్ని 1100 ఎత్తుకు దించాం.

పెట్టె మీది అంకె తప్పుదోవ పట్టించేదే. అయినా ఈ బందులను నేను తీయను. ఇప్పుడు అటు 25, ఇటు 25. నిన్న నాన్నగారి కణుపుల మీది పాత పొక్కు ఎండి రాలిపోయింది.