కత్తుల్లేని కోట గొడవ: టీనేజ్ పిల్లల లార్ప్ కిట్ రివ్యూ

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ కిట్ నాకు ఊరికే వచ్చింది. తయారుచేసినవాళ్ళు రివ్యూ కోసం పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. పెట్టెలో ఏమేం ఉన్నాయి, ధరెంత అనేవి మీరు అన్‌బాక్సింగ్ వీడియోల్లో చూసేసే ఉంటారు. కాబట్టి నేను ఆ జోలికి పోను. నాకు కావాల్సింది ఒక్కటే. పదమూడు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు ఒక డజను మంది మా క్లబ్‌హౌస్‌లో సాయంత్రమంతా గొడవపడాలి, కానీ ఒకరి మీద ఒకరి చెయ్యి పడకూడదు. దానికి ఈ కిట్ పనికొస్తుందా?

లార్ప్ అంటే తెలియనివాళ్ళకు ఒక్క ముక్కలో చెప్తా. అది ప్రేక్షకులు లేని నాటకం. డైలాగులు ఎవరూ రాసివ్వరు. నువ్వెవరు, నీకేం కావాలి అని ఒక కాగితం చేతిలో పెడతారు, అంతే. ఈ కిట్‌లో కథ ఒక కోటలో జరుగుతుంది. రాజముద్ర కనపడకుండా పోయింది, తెల్లారేలోపు దొరకాలి. అందరి దగ్గరా ఏదో ఒక రహస్యం ఉంది.

ఆ మధ్య స్పాంజి కత్తుల సెట్ ఒకటి రివ్యూ చేశాను, గుర్తుందా? తల మీద కొట్టకూడదని అందులోనూ రూల్ ఉంది. ఊపులో ఉన్న పదిహేనేళ్ళ కుర్రాడికి కత్తి ఎక్కడ తగులుతుందో వాడికే తెలియదు. పైగా తగిలిందా లేదా అని అదో పంచాయితీ. ఇందులో ఆ బెడద లేదు. గొడవ ఏదైనా రాయి, కాగితం, కత్తెరతోనే తేలాలి. ఇదేమీ వీళ్ళు కొత్తగా కనిపెట్టింది కాదు. అమెరికాలో 1993లో మొదలైన మైండ్స్ ఐ థియేటర్ ఆటల్లో ఇదే పద్ధతి, ఒకరినొకరు తాకకూడదన్న నియమం కూడా అక్కడ ఉంది.

మా దగ్గర జరిగింది ఒకటి చెప్తాను, రూల్ దానంతటదే అర్థమవుతుంది. దళపతి వేషంలో ఉన్న అమ్మాయికి మంత్రి దగ్గర ఉత్తరం ఉందని అనుమానం వచ్చింది. చేయి చాస్తే అందనంత దూరంలో ఆగి, అరచెయ్యి పైకెత్తి 'పోటీ' అంది. తర్వాత తనకేం కావాలో చెప్పాలి: "నీ అంగీలో ఉన్న ఉత్తరం లాక్కుంటున్నాను." ఇక్కడ మంత్రి 'సరే, తీసుకో' అనొచ్చు, అప్పుడు పోటీయే ఉండదు. ఈ మంత్రి ఒప్పుకోలేదు. ఇద్దరూ తమ గుణాల కార్డుల్లోంచి ఒక్కోటి చూపించారు. ఆమె 'కండబలం', అతను 'చురుకు'. ఆ పనికి పొసగని గుణం చూపిస్తే చెల్లదు. ఉత్తరం లాక్కోవడానికి 'తియ్యటి గొంతు' పనికిరాదు కదా. తర్వాత చేతులు వేశారు. ఆమెది కాగితం, అతనిది కత్తెర. ఓడినవాళ్ళ కార్డు ఆ పూటకు పోయినట్టే. ఒకరికి ఐదే కార్డులు కాబట్టి, అయినదానికీ కానిదానికీ పోటీకి దిగితే తొమ్మిదింటికల్లా చేతులు ఖాళీ.

సరే, ఇప్పుడు నాకు పిచ్చపిచ్చగా నచ్చిన విషయానికొస్తాను. ఇద్దరూ ఒకటే వేస్తే ఏంటి? ఇద్దరూ రాయే వేశారనుకోండి. చాలా ఆటల్లో మళ్ళీ వేయమంటారు. ఇందులో 'ఉన్నది ఉన్నట్టే' అంటారు. అంటే ఉత్తరం మంత్రి దగ్గరే ఉంటుంది. చూడ్డానికి చిన్న రూల్, కానీ లెక్క వేసి చూడండి. గుడ్డిగా వేస్తే మూడింట ఒకసారి గెలుపు, ఒకసారి ఓటమి, ఒకసారి సమానం. మళ్ళీ వేయిస్తూ పోతే మీద పడినవాడికి సగం అవకాశం. సమానం వచ్చినా ఎదుటివాడిదే పైచెయ్యి అంటే, ఆ అవకాశం మూడింట ఒకటికి పడిపోతుంది.

ఈ సంగతి పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు, రెండు పోటీలు చూస్తే వాళ్ళకే తెలిసిపోతుంది. మా దగ్గర మొదట్లో టపటపా పోటీలు పడ్డారు. కాసేపటికి ఆ దళపతే మంత్రిని పక్కకు పిలిచి, "ఉత్తరం చూపిస్తే కోశాగారం తాళం సంగతి నేను బయటపెట్టను" అని బేరం మొదలుపెట్టింది. నాకు కావాల్సింది ఇదీ! నీతులు చెప్పి గొడవలు ఆపలేం. లాక్కోవడం కంటే బేరమే లాభమని రూలే చెప్పాలి.

ఇక చిరాకు. కిట్‌లో 'మరోసారి' అని కార్డులున్నాయి, ఒక్కొక్కరికి మూడు. ఓడినవాడు ఒకటి పడేస్తే మళ్ళీ వేయాలి. ఇద్దరి దగ్గరా మూడేసి ఉంటే ఒక్క గొడవ ఏడుసార్లు నడవొచ్చు. అంతసేపూ మిగతావాళ్ళంతా చుట్టూ చేరి స్కోరు లెక్కపెడుతుంటారు. కోటా లేదు, రాజూ లేడు. ఇంకోటి, ఎప్పుడు వేయాలో పుస్తకంలో ఎక్కడా రాయలేదు. "అక్కా, మూడు అనగానే వేయాలా, మూడు అన్నాక వేయాలా?" అని ఒకడు అడిగాడు. అర క్షణం ఆలస్యంగా వేసేవాడికి ఎదుటివాడి చెయ్యి కనిపిస్తుంది మరి. నేనైతే 'మూడు అనగానే' అని ఖాయం చేసి, ఆట మొదలయ్యే ముందు అందరితో జంటలుగా వేయించి చూస్తాను. ఆలస్యంగా వేస్తే ఓడినట్టే.

అసలు చెయ్యి తగిలేది ఎక్కడో తెలుసా? పోట్లాటల్లో కాదు. తలుపు దగ్గర, వస్తువుల దగ్గర. ఒకడు బయటికి వెళ్ళబోతాడు, ఇంకొకడు అడ్డంగా నిలబడతాడు, భుజం తగులుతుంది. బల్ల మీదున్న ముద్ర కోసం రెండు చేతులు ఒకేసారి వెళ్తాయి. పుస్తకంలో దీని గురించి ఒక్క వాక్యం లేదు. మీరే చెప్పాలి. పరుగు లేదు, వెంటపడటం కూడా పోటీతోనే తేలుతుంది. వస్తువును గెలిచినవాడు తీసుకోడు, ఓడినవాడే తీసి బల్ల మీద పెడతాడు. ఐదుగురు కలిసి ఒకడి మీదకొస్తే ఒక్కరే చెయ్యి వేస్తారు, మిగతా నలుగురిలో ఒకరు ఒక్క కార్డు అప్పివ్వొచ్చు. ఈ చివరిది పెట్టకపోతే గదిలో నోరు తక్కువున్న పిల్లే ప్రతిసారీ బలవుతుంది.

ఆట ఆపడానికి ఈ కిట్‌లో ఇచ్చిన మాట 'ఆపు'. పనికిరాదండీ. 'ఆపు, ద్రోహీ!' అని పాత్రలే అరుస్తుంటే ఏది నిజమో ఎలా తెలుస్తుంది? మేము 'కట్' అన్నాం. సినిమా షూటింగులు చూసిన పిల్లలే కదా, ఆ మాట వినగానే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. దాంతోపాటు సైగ ఒకటి కూడా నేర్పండి, లార్ప్ ఆడేవాళ్ళు చాలాచోట్ల వాడేదే. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చూపిస్తే 'బాగానే ఉన్నావా?' అని అడిగినట్టు. జవాబుగా బొటనవేలు పైకి చూపిస్తే ఆట నడుస్తుంది. అడ్డంగా పెట్టినా కిందికి చూపినా ఆట పక్కనపెట్టి మాట్లాడాలి. ఏడుపు నటనో నిజమో తెలుసుకోవడానికి దీనికంటే తేలిక దారి నాకు తెలియదు.

టైమ్ సంగతి: రూల్స్ నేర్పడానికి నలభై నిమిషాలు, ఆటకు గంటన్నర, అయ్యాక కూర్చుని మాట్లాడుకోవడానికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు కోసేయకండి. మంత్రి మీద కోపం ఆ కుర్రాడి మీద కోపంగా లిఫ్ట్ దాకా వెళ్తుంది, నేను చూశాను.

కొనాలా అంటారా? కొనండి. లెక్కపెడితే తప్పులే ఎక్కువ తేలతాయి, నాకు తెలుసు. కానీ ఆ 'ఉన్నది ఉన్నట్టే' రూల్ ఒక్కదాని కోసం నేను మిగతావన్నీ భరిస్తాను. 'మరోసారి' కార్డులు మాత్రం పెట్టె తెరిచిన వెంటనే తీసి పడేయండి. వెనకవైపు ఖాళీగానే ఉన్నాయి, పిల్లల పేర్ల చీటీలకు పనికొస్తాయి.