దీపా స్కోరును విడదీసి చూస్తే

అందరికీ నమస్కారం. 2016 రియో ఒలింపిక్స్ జిమ్నాస్టిక్స్‌లో, పరుగెత్తి వచ్చి టేబుల్ మీదుగా గాల్లోకి ఎగిరే వాల్ట్ ఫైనల్‌లో దీపా కర్మాకర్ నాలుగో స్థానంలో ఆగిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. రెండు వాల్ట్‌లకు కలిపి ఆమె సగటు 15.066. కాంస్యం గెలిచిన స్విట్జర్లాండ్ జిమ్నాస్ట్ జూలియా స్టైన్‌గ్రూబర్‌ది 15.216. ఆ 0.15 ఎక్కడ జారిపోయిందో ఈ పూట లెక్క తీద్దాం.

పాత పద్ధతిలో కష్టం, నైపుణ్యం అన్నీ కలిపి పదికి మార్కులు వేసేవారు. 2006 నుంచి రెండూ వేరయ్యాయి. కష్టాన్ని లెక్కించే ‘డీ’ జడ్జీలు చూసేది ఒక్కటే: ఏ వాల్ట్ చేసింది? దాని విలువ పట్టికలో ముందే రాసి ఉంటుంది. నైపుణ్యాన్ని చూసే ‘ఈ’ జడ్జీలు వేరు, వాళ్లకు ఆ విలువతో పని లేదు. వాళ్లు పది దగ్గర మొదలుపెట్టి తప్పులకు కోత వేస్తారు: చిన్నదానికి 0.1, మధ్యరకానికి 0.3, పెద్దదానికి 0.5, పడిపోతే 1.0. ఎవరి కోత వారిదే. అందులో అతి ఎక్కువ, అతి తక్కువ స్కోర్లు తీసేసి మిగిలినవాటి సగటు కడతారు.

దీపా మొదటి వాల్ట్ సుకహారా, అంటే టేబుల్ మీది నుంచి వెనక్కి పల్టీ కొడుతూ దిగేది. ‘డీ’ స్కోరు 6.0, ‘ఈ’ స్కోరు 8.866, రెండూ కలిపి మొత్తం 14.866. రెండోది ప్రొదునోవా. టేబుల్ మీద చేతులు ఆనించి ముందుకు లేచి, గాల్లో రెండు పల్టీలు కొట్టి దిగాలి. ‘డీ’ 7.0, ‘ఈ’ 8.266, మొత్తం 15.266.

ప్రొదునోవాలో చిక్కంతా దిగడంలోనే. ముందుకు తిరుగుతూ వస్తున్నప్పుడు చివరి క్షణం దాకా నేల కనబడదు. అందుకే పాదాలు ఆనేసరికి ఒళ్లు ఇంకా ముడుచుకునే ఉండి, మోకాళ్లు పూర్తిగా వంగి, తుంటి దాదాపు మ్యాట్ దాకా దిగిపోతుంది. ఆ రోజూ జరిగింది అదే. అలా లోతుగా కూలబడి దిగితే 0.5 కోత. తుంటి మ్యాట్ మీద ఆనితే అది పడిపోవడమే, 1.0 పోతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్నది బెత్తెడు ఎత్తు. అంత వేగంలో పక్కపక్కన కూర్చున్న జడ్జీలకే అది వేరువేరుగా కనబడొచ్చు.

ఇప్పుడు లెక్క. సగటులో 0.15 అంటే రెండు వాల్ట్‌ల మొత్తంలో 0.3, అంటే సరిగ్గా ఒక మధ్యరకం తప్పు. లోతుగా కూలబడిన ఆ ఒక్క 0.5 మిగిలి ఉంటే మొత్తం 30.632, సగటు 15.316 అయ్యేది. రజతం 15.253కే వచ్చింది!

అయితే ఈ పద్ధతికి ఒక లొసుగుంది. అప్పట్లో ప్రొదునోవా దీపా చేసిన సుకహారా కంటే ఒక పాయింటు ఎక్కువ ఇచ్చేది. పడితే పోయేదీ ఒక పాయింటే. అంటే పడినా పెద్దగా నష్టం లేదని తెగించి దూకేవాళ్లు ఉంటారు, మెడ విరిగే ప్రమాదం ఉన్నా సరే. కష్టాన్ని, నిర్వహణను విడదీయడం సబబే కానీ, పట్టికలో విలువ ఎంత పెట్టాలన్నది మనుషులు నిర్ణయించేదే. 2017లో చాలా వాల్ట్‌ల విలువలు తగ్గాయి, ప్రొదునోవాది మాత్రం ఏకంగా 7.0 నుంచి 6.4కు పడింది.