అమ్మ కార్డు ఎవరి జేబులో ఉంది?

పెద్దలకు, సాటి తల్లిదండ్రులకు నమస్కారం. పిల్లల పొదుపు గురించి మాట్లాడమన్నారు. మా అమ్మాయి మొదటి కార్డు కథ చెబుతాను, అంతకంటే నాకు తెలిసింది లేదు.

పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2014లోనే చెప్పింది. మా అమ్మాయికి పదిహేనేళ్లు వచ్చాక, నిరుడు ఖాతా తెరిపించాను. నెలకు 1,500 రూపాయలు, ఒకటో తారీఖున. బస్సు, చిరుతిండి, పెన్నులు అన్నీ అందులోనే. కార్డు రాగానే పిన్ పెట్టుకోవడానికి ఏటీఎంకు వెళ్లాం. ఓటీపీ నా ఫోనుకు వచ్చింది. చదివి చెప్పి, గోడవైపు తిరిగి నిలబడ్డాను.

"చూడవా నాన్నా?"

"నీ పిన్ నాకెందుకమ్మా!"

రెండో నెల చివర ఏడుపు మొహంతో వచ్చింది. "బ్యాంకువాళ్లు నా డబ్బు తీసుకున్నారు" అంది. కోప్పడబోయి ఆగాను. పాస్‌బుక్కులో లెక్కలు అచ్చు వేయించుకొచ్చి, పెన్సిలు తన చేతికిచ్చాను. 27.14 అనే అంకె మూడుచోట్ల ఉంది. మూడింటికీ సున్నా చుట్టింది. మొత్తం 81.42.

ఎలా పోయింది? బడి పక్కనున్న వేరే బ్యాంకు ఏటీఎం వాడేది. హైదరాబాదు వంటి మహానగరంలో పరాయి బ్యాంకు ఏటీఎం నెలకు మూడుసార్లే ఉచితం. డబ్బు తీయకుండా నిల్వ చూసుకున్నా అది ఒకసారి కిందే లెక్క. అమ్మాయి రెండుసార్లు నిల్వ చూసింది, ఒకసారి వంద తీసింది. అక్కడితో మూడూ అయిపోయాయి. ఆ తరవాత మూడుసార్లు వందేసి తీసింది. 2025 మే నుంచి ఒక్కోసారికి 23 రూపాయల దాకా వసూలు చేయవచ్చు, పైన పన్ను. వంద చేతికి రావడానికి 27 రూపాయలు! మీ పిల్లల పాస్‌బుక్కులు తెరిచి చూడండి, ఈ అంకె దొరకవచ్చు.

పోయిన డబ్బు నేను నింపలేదు. మా ఆవిడ నింపమంది, నేను ఒప్పుకోలేదు. మర్నెల నుంచి అమ్మాయి మా బ్యాంకు ఏటీఎం దాకా నడిచి వెళ్లి, నెలకు ఒకేసారి 500 తెచ్చుకుంది. నిల్వ ఫోను సందేశంలో చూసుకుంటోంది.

నేను నిజంగా చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతాను. ఆ పాస్‌బుక్కు ముందు కూర్చున్నప్పుడే అమ్మాయి అడిగింది: "మరి అమ్మ కార్డు నీ పర్సులో ఎందుకు ఉంది నాన్నా?"

పన్నెండేళ్లుగా ఉంది. ఆమె జీతం పడే ఖాతా అది. పిన్ నేను పెట్టిందే. అమ్మా, ఇక్కడ కూర్చున్న తల్లుల్లో ఎందరి కార్డు ఎందరి పర్సుల్లో ఉందో నాకు తెలియదు, అన్నలారా, మీకు తెలుసు.

ఆ సాయంత్రమే ముగ్గురం ఏటీఎంకు వెళ్లాం. మా ఆవిడ కొత్త పిన్ పెట్టుకుంది. నేనూ అమ్మాయీ గోడవైపు తిరిగి నిలబడ్డాం.