నాలుగున్నరకే చీకటి

యాంకర్: తర్వాతి కాలర్ గువాహటి నుంచి లైన్లో ఉన్నారు. చెప్పండి బాబూ.

కాలర్: నమస్తే మేడం. మాది ఒంగోలు. ఇక్కడ ఎంటెక్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. సంక్రాంతికి తెలుగు వాళ్ళం కలిసి చిన్న ప్రోగ్రాం పెట్టుకుంటున్నాం. నాకు 3 నిమిషాలు ఇచ్చారు. ఇంటి మీద బెంగ గురించి స్పోకెన్ వర్డ్ కవిత రాశాను. రూంలో చదివి వినిపిస్తే ఫ్రెండ్స్ ‘బాగుందిరా’ అంటూనే ఫోన్లు చూసుకుంటున్నారు.

కవయిత్రి: మొదలు కొంచెం చదువు నాన్నా.

కాలర్: ‘జ్ఞాపకాల సముద్రంలో ఒంటరి నావనై, అమ్మ ప్రేమకై అలమటిస్తూ, కన్నీటి కెరటాల్లో...’

కవయిత్రి: చాలు చాలు. ఇందులో ఒంగోలు లేదు, గువాహటీ లేదు. పుస్తకంలో అయితే చదివేవాళ్ళు ఆగి ఊహించుకుంటారు. నువ్వు స్టేజీ మీద చెప్పే లైను మాత్రం ఒక్కసారే వినపడి పోతుంది. చెవిన పడగానే బొమ్మ కట్టాలి. సరే, నీకు బెంగ ఏ వేళప్పుడు ఎక్కువ?

కాలర్: సాయంత్రం మేడం. డిసెంబర్లో ఇక్కడ నాలుగున్నరకే పొద్దు కుంకుతుంది. ల్యాబ్ నుంచి బయటికి వస్తే చీకటి. అప్పుడు అమ్మకి ఫోన్ చేస్తే, ‘మిద్దె మీద బట్టలు తీస్తన్నా నాయనా, ఇంకా ఎండగానే ఉంది’ అంటుంది.

కవయిత్రి: ఇది చేతిలో పెట్టుకుని నావ ఎక్కావా!

యాంకర్: అవును కదా, దేశమంతా గడియారం ఒకటే. సూర్యుడికి ఆ సంగతి తెలియదు. ఒంగోల్లో అప్పటికి ఇంకో గంట పైనే వెలుతురుంటుంది.

కవయిత్రి: నీ కవిత అంతా ఆ గంటలోనే ఉంది బాబూ. ‘నాలుగున్నర’ అనే మాటని పల్లవిలా వాడుకో. మూడుసార్లు రానీ, వచ్చిన ప్రతిసారీ దాని అర్థం మారాలి. మొదటిసారి ల్యాబ్ బయట చీకటి. రెండోసారి అమ్మ ఫోన్లో ఎండ. మూడోదానికి ఏమైనా ఉందా?

కాలర్: డిసెంబర్ చివర్లో సెలవులకి ఇంటికెళ్ళా. నాలుగున్నర అవగానే అలవాటుగా లేచి లైట్ వేశా. అమ్మ ‘పట్టపగలు లైటేంది నాయనా’ అని నవ్వింది.

కవయిత్రి: ఇంకేం కావాలి! ఇప్పుడు నిడివి చూద్దాం. ఎన్ని పదాలు రాశావు?

కాలర్: 400 దాకా.

కవయిత్రి: మన మాటలు పొడుగు. 3 నిమిషాల్లో 200 దాటితే నేనైతే పరుగెత్తాల్సి వస్తుంది. ఫోన్లో టైమర్ పెట్టుకుని, నిలబడి, గట్టిగా చదివి చూసుకో. కూర్చుని మనసులో చదువుకుంటే టైం ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. ఇంకోటి, మన వాక్యంలో క్రియ చివర వస్తుంది కదా, వాక్యం పొడుగైతే ఎవరేం చేశారో తెలియక వినేవాళ్ళు తప్పిపోతారు. చిన్న వాక్యాలు రాసి, ఊపిరి తీసుకునే చోట ఒక గీత, ఆగాల్సిన చోట రెండు గీతలు పెట్టుకో. రెండు గీతలుంటే మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టాలి.

కాలర్: అమ్మ మాటల్ని ‘తీస్తున్నాను’ అని దిద్దాలా మేడం?

కవయిత్రి: ముట్టుకోకు. దిద్దితే అది మీ అమ్మ గొంతు కాదు, టీవీ వార్తలు. నీ మాటలు మామూలుగా ఉండనీ, ఆవిడ మాటలు ఆవిడవే ఉండనీ. గొంతు మార్చి మిమిక్రీ మాత్రం చెయ్యకు.

కాలర్: అక్కడికి వచ్చేసరికే నాకు గొంతు పూడుకుపోతోంది. ఫోన్ దగ్గర.

కవయిత్రి: అందుకే దాన్ని మధ్యలో ఉంచమంటున్నా. చివరి లైను దగ్గర గొంతు పోతే మళ్ళీ అందుకోవడానికి ఏమీ ఉండదు. మధ్యలో అయితే రెండు గీతలు పెట్టుకుని, మైకు నుంచి ముఖం కొంచెం తిప్పి, ఊపిరి పూర్తిగా వదిలి తర్వాతి లైను ఎత్తుకోవచ్చు. ఊపిరి బిగబట్టావంటే గొంతు ఇంకా బిగుసుకుంటుంది. ఏదీ, ఇప్పుడు చెప్పు.

కాలర్: ఇప్పుడేనా? సరే. ‘నాలుగున్నర. / ఇక్కడ చీకటి. // అమ్మకి ఫోన్ చేశా. // మిద్దె మీద బట్టలు తీస్తన్నా నాయనా, / ఇంకా ఎండగానే ఉంది. //’ ...

కవయిత్రి: పర్వాలేదు, ఊపిరి వదులు. ఊఁ, తర్వాత?

కాలర్: ‘ఆమె ఫోన్ పెట్టేదాకా / నేను లైట్ వెయ్యలేదు.’

కవయిత్రి: ఎందుకు వెయ్యలేదు?

కాలర్: వేస్తే నాకు రాత్రి అయిపోయినట్టే కదా మేడం. అది కూడా రాయనా?

కవయిత్రి: వద్దు. నాకు చెప్పావుగా, చాలు. అక్కడ ఆగి, ఇంట్లో లైట్ వేసిన సంగతికి వచ్చెయ్.