కుళాయి, గడియ, ఫ్యాన్ స్విచ్: గోడ మీద చీటీ నాలుగు నెలలు వాడాక నా రివ్యూ

అందరికీ నమస్కారం. ముందుగా ఒక విషయం చెప్పేస్తాను. ఈ వీడియోకి కారణం నీళ్ళకి తడవని కార్డుల ప్యాకెట్ ఒకటి. తయారు చేసేవాళ్ళు ఫ్రీగా పంపారు, డబ్బులేమీ ఇవ్వలేదు. కార్డు సైజు, మందం, ఎన్ని వస్తాయి అనేవి ప్యాకెట్ మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి వెళ్ళను. కార్డు గురించి నేను చెప్పేది ఒకటే. దాని మీద బాల్ పెన్నుతో రాయండి. బాల్ పెన్ను ఇంకు నూనెతో చేసింది, తడి తగిలినా చెదరదు. జెల్ పెన్నుతో రాసిన కార్డు స్నానాల గదిలో పెడితే వారం తిరక్కుండానే అక్షరాలు కారిపోయాయి. పెన్సిల్ కూడా బాగానే నిలిచింది. కార్డు సంగతి ఇంతే.

ఇవాళ నిజంగా రివ్యూ చేసేది, ఈ ఇంట్లో మాకంటే ముందు అద్దెకున్నావిడ మా కోసం రాసిపెట్టి వెళ్ళిన చీటీని. పోయిన వీడియోలో ఫోటో చూపించాను కదా, అదే. నోటుబుక్కు కాగితం మీద చేత్తో రాసింది. అందులో మూడు సంగతులున్నాయి: బాత్రూం కుళాయి, గేటు గడియ, హాల్లో ఫ్యాను స్విచ్. నాలుగు నెలలుగా దాన్ని చూసుకుంటూనే ఈ ఇంట్లో ఉంటున్నాం.

కుళాయి గురించి ఆవిడ రాసింది చదువుతాను. "పిడి గట్టిగా ఉంటుంది. మూసేటప్పుడు పిడి పైభాగం కుడివైపుకి వెళ్ళేలా తిప్పండి. మూడు చుట్ల తర్వాత మెత్తగా ఆగుతుంది, అక్కడే వదిలేయండి. తర్వాత కూడా నాలుగైదు చుక్కలు పడతాయి. పది లెక్కపెట్టేలోగా ఆగిపోతాయి. ఇంకా బిగించకండి."

ఇలాంటి చీటీలు నేను ఇంతకుముందు రెండు ఇళ్ళలో చూశాను. రెండింటిలోనూ "కుళాయి జాగ్రత్త" అనే ఉంది. జాగ్రత్త అంటే మెల్లగా తిప్పాలా, గట్టిగా తిప్పాలా, అసలు ముట్టుకోకూడదా? ఏమీ అర్థం కాదు. ఈవిడ మాత్రం చెయ్యి ఎటు కదలాలో, ఎక్కడ ఆగాలో, ఆగింది సరైన చోటే అని ఎలా తెలుస్తుందో మూడూ రాశారు. ఆ మూడోది నాకు చాలా నచ్చింది. కాసేపు దాని గురించే మాట్లాడతాను.

మా కుళాయి పాత రకం, చుట్లు తిప్పేది. లోపల పిడితో పాటు తిరిగే కడ్డీని స్పిండిల్ అంటారు, దాని కింద రబ్బరు వాషర్ ఉంటుంది. మూసినప్పుడు అది కిందికి దిగి నీళ్ళు వచ్చే రంధ్రాన్ని నొక్కిపెడుతుంది. నీళ్ళు ఆగిపోయినా కుళాయి మూతి దగ్గర వంపులో కొంచెం నీరు మిగిలి ఉంటుంది. ఆ నీరే నాలుగైదు చుక్కలుగా పడుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు అది చూసి, కుళాయి ఇంకా మూసుకోలేదనుకుని మరో అర చుట్టు బిగిస్తారు. రోజూ అలా బిగిస్తుంటే రబ్బరు మీద గుండ్రంగా గాడి పడుతుంది, చివరికి తెగుతుంది. అప్పుడు నిజంగానే కారడం మొదలవుతుంది. కారుతోందని ఇంకా బిగిస్తారు. అసలే గట్టిగా ఉన్న పిడి మరుసటి రోజు తెరవడానికి కూడా రాదు.

ఇది నేను చేసిన పనే. ఇంతకుముందున్న ఇంట్లో కుళాయి మీద బలమంతా పెట్టి రెండు నెలల్లో వాషర్ పాడుచేశాను. ఓ రాత్రి పడుకునే ముందు కింద లీటరు మగ్గు పెట్టాను. దాదాపు సెకనుకో చుక్క పడుతోంది. తెల్లారి చూస్తే మగ్గు నిండి పొర్లుతోంది. ఇరవై చుక్కలు సుమారు ఒక మిల్లీలీటరు అనుకుంటే గంటకి 180 మిల్లీలీటర్లు, ఎనిమిది గంటలకి దాదాపు లీటరున్నర. "పది లెక్కపెట్టండి" అని ఆ ఇంట్లో ఎవరైనా రాసి ఉంటే నేను రెండో అర చుట్టు తిప్పేవాడినే కాదు.

ఈ చీటీలో ఉండాల్సింది ఒకటి లేదు, అది నేను చేర్చాను. పిడి ఎక్కడ గట్టిగా ఉందో గమనించమని రాశాను. తెరిచినప్పటి నుంచి మూసేదాకా మొత్తం గట్టిగా ఉంటే తప్పు వాషర్‌ది కాదు. స్పిండిల్ మీద ఉప్పునీటి తెల్లపొర పట్టి ఉంటుంది, లేకపోతే పిడి కింద నుంచి నీరు రాకుండా స్పిండిల్ చుట్టూ బిగించే గ్లాండ్ నట్ ఎక్కువ బిగించి ఉంటుంది. మాది అదే. చివర్లో మాత్రమే గట్టిగా ఉండి, పది లెక్కపెట్టాక కూడా చుక్కలు ఆగకపోతే వాషర్ పోయినట్టు. కుళాయి తెరిచినప్పుడు మాత్రమే పిడి కింద నుంచి నీరు ఊరుతుంటే గ్లాండ్ వదులైనట్టు. ప్లంబర్‌కి ఫోన్ చేసినప్పుడు ఈ తేడా చెబితే సరైన సామాను తెచ్చుకుంటారు. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో కూడా దాని కిందే రాశాను. కుళాయి విప్పాలంటే ముందు కట్టేయాల్సింది దాన్నే.

ఒక్క మాట. ఇదంతా చుట్లు తిప్పే కుళాయికే. పావు చుట్టుతో మూసుకునే కుళాయిల్లో వాషర్ ఉండదు, రెండు సిరామిక్ బిళ్ళలు ఉంటాయి. కొన్ని ఎడమకి, కొన్ని కుడికి మూసుకుంటాయి. అందుకే "కుడివైపు" అని మాట ఒక్కటే రాస్తే చాలదు, బాణం గుర్తు కూడా వేయండి. ఆవిడ వేశారు. కుళాయికి ఎదురుగా నిలబడితే ఎలా కనబడుతుందో అలాగే వేశారు.

ఇక గేటు గడియ. "గేటు మధ్య కమ్మీని ఎడమ చేత్తో వేలెడంత పైకెత్తి, అప్పుడు కుడి చేత్తో గడియ జరపండి" అని రాసుంది. బాగుంది, పని చేస్తోంది. గేటు బరువుకి కీలు అరిగి అది కాస్త కిందికి వాలింది, కాబట్టి గడియ కొస స్తంభంలోని రంధ్రానికి కింద తగులుతోంది. మీ గేటు కూడా ఇలాగే వాలిందో లేదో తెలియాలంటే స్తంభం చూడండి. రంధ్రానికి కింద రంగు పోయి మెరిసే గీత ఉంటే అదే కారణం. పైకెత్తిన చెయ్యి కమ్మీకి, స్తంభానికి మధ్య సందులో పెట్టకూడదని కూడా ఆవిడ రాసి ఉంటే బాగుండేది. మొదటి వారంలోనే మా అబ్బాయి వేలు నలిగింది. ఆ వాక్యం ఇప్పుడు నా కార్డులో ఉంది.

ఇప్పుడు ఫ్యాను. ఇక్కడే నాకు నిజంగా కోపం వచ్చింది.

రాసింది ఇది: "ఫ్యాను ఒకటి మీద తిరగదు. ఐదు మీద పెట్టి, తిరిగాక తగ్గించుకోండి. స్విచ్ ఒక్కోసారి చిటపటమంటుంది, కొంచెం పైకి ఒత్తితే సరిపోతుంది."

మొదటి రెండు వాక్యాలు పర్వాలేదు. ఒకటి మీద ఫ్యాను మూలుగుతూ ఆగిపోతే సాధారణంగా కెపాసిటర్ బలహీనపడినట్టు. మన దగ్గర కండెన్సర్ అంటారు. అది మార్చేదాకా ఐదు మీద మొదలుపెట్టి తగ్గించుకోవచ్చు. కాకపోతే తిరక్కుండా మూలుగుతున్న ఫ్యానుని అలాగే వదిలేయొద్దని చెప్పాలి, మోటార్ వేడెక్కుతుంది.

మూడో వాక్యం మాత్రం చీటీలో ఉండకూడదు. చిటపట అంటే లోపల కాంటాక్టులు సరిగా కలవడం లేదు, మధ్యలో నిప్పురవ్వ లేస్తోంది. రవ్వ లేచిన ప్రతిసారీ ఆ చోటు వేడెక్కి కొంచెం కాలుతుంది. కాలిన చోట ఇంకా తక్కువ కలుస్తుంది. ఒత్తి పట్టుకుంటే ఫ్యాను తిరగడం నిజమే, కానీ లోపల పాడవుతున్నది ఆగదు. నేనూ నెలన్నర పాటు ఆ చీటీ చెప్పినట్టే ఒత్తాను. ఒకరోజు స్విచ్ చుట్టూ గోధుమ రంగు మచ్చ కనబడింది. చెయ్యి దగ్గర పెడితే వెచ్చగా ఉంది, ప్లాస్టిక్ మాడిన వాసన వస్తోంది. వెంటనే ఆ గదికి వెళ్ళే ఎంసీబీ దించేసి, ఓనరు గారికి ఫోన్ చేశాను. ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్ విప్పి చూపించాడు. ఒక వైరు కొస నల్లబడి, దాని మీద తొడుగు గట్టిపడి చిట్లిపోయింది.

ఆవిడని తప్పుపట్టాలని కాదు. చాలా శ్రద్ధగా రాశారు. కుళాయి గట్టిగా ఉండటం, గేటు వాలడం మనం అలవాటు చేసుకోగలిగిన సంగతులు. కరెంటు దగ్గర చిటపట, వేడి, వాసన, మచ్చ అలవాటు చేసుకోవాల్సినవి కావు. వాటికి చీటీలో ఒకే మాట రాయాలి: ఎంసీబీ దించండి, ఓనరుకి చెప్పండి. ఏ ఎంసీబీయో కూడా రాయాలి, ఎందుకంటే బోర్డులో ఆరు ఉన్నాయి, దేని మీదా పేరు లేదు.

ఆ చీటీ మీద తేదీ కూడా లేదు. చిటపట ఎప్పటి నుంచి ఉందో ఓనరు అడిగితే చెప్పలేకపోయాను. వారం కిందట మొదలైందో, ఏడాదిగా ఉందో మాకు తెలియదు. ప్రతి సంగతి పక్కనా రాసిన తేదీ ఉండాలి. కుళాయి బాగు చేయించాక ఎవరూ చీటీ మార్చకపోతే, కొత్తవాళ్ళు మెత్తని కుళాయిని కూడా మూడు చుట్లు తిప్పాలేమో అని తంటాలు పడతారు.

నా తీర్పు. కుళాయి భాగం కోసమే ఈ చీటీని దాచుకుంటాను. నేను చూసిన వాటిలో ఇంత బాగా రాసింది లేదు. ఫ్యాను భాగం వల్ల మొత్తం చీటీని ఉన్నది ఉన్నట్టు ఎవరికీ ఇవ్వను. మూడూ ఒకే కాగితం మీద ఉండటం కూడా ఇబ్బందే. చేతులు తడిగా ఉన్నప్పుడు హాల్లోకి వచ్చి చదవలేం కదా. అందుకే మూడు కార్డులు చేశాను. ఒకటి కుళాయి పక్కన, ఒకటి గేటు లోపలివైపు, ఒకటి ఎంసీబీ బోర్డు మీద.

స్విచ్ మార్చారు కాబట్టి చిటపట మాట కొట్టేసి, మార్చిన తేదీ వేశాను. కండెన్సర్ ఇంకా మార్చలేదు. ఓనరు గారు ఆదివారం మనిషిని పంపిస్తానన్నారు. అప్పటిదాకా "ఐదు మీద పెట్టి తగ్గించండి" అనే మాట పెన్సిల్‌తో ఉంది. మీ ఇంటి చీటీలో ఏముందో కామెంట్‌లో రాయండి, ముఖ్యంగా స్విచ్‌ల గురించి ఏమైనా ఉంటే. ఉంటాను.